అందరి కర్రీ పాయింట్ నుంచి యాభై ఇళ్ల వంటగది దాకా: ఒక కేస్ స్టడీ

విజయవాడ సత్యనారాయణపురంలో భార్యాభర్తలిద్దరూ ఆరేళ్లుగా నడుపుతున్న ఒక కర్రీ పాయింట్ గురించి ఇక్కడ రాస్తున్నాను. చిన్న వ్యాపారాల లెక్కలు, అమ్మకాలు చూసి సలహా ఇవ్వడం నా వృత్తి. వారు నా దగ్గరికి వచ్చేనాటికి దుకాణంలో మధ్యాహ్నం కూరల ప్యాకెట్లు, సాయంత్రం చపాతీలు, ఆదివారం బిర్యానీ, డెలివరీ యాప్‌ల ఆర్డర్లు, చిన్న ఫంక్షన్లకు భోజనాలు, మధ్యమధ్య పచ్చళ్లు కూడా నడుస్తున్నాయి. రోజుకు సగటున 9,200 రూపాయల అమ్మకం ఉండేది. నెలలో ముప్ఫై రోజులూ తెల్లవారుజామున నాలుగున్నరకు పొయ్యి వెలిగించి రాత్రి పదికి దుకాణం మూసినా, ఖర్చులన్నీ పోను ఇద్దరికీ కలిపి మిగిలేది 21,000 రూపాయలు. అమ్మకం పెంచడానికి ఇంకేం వండాలో చెప్పమని ఆమె నన్ను అడిగారు. వండేవాటిలో ఏది ఎవరి కోసం వండుతున్నారో ముందు చూద్దామని నేనన్నాను.

దుకాణదారులు సాధారణంగా అమ్మకాలను వస్తువుల వారీగా చూస్తారు. పప్పు ఎంత పోయింది, వేపుడు ఎంత మిగిలింది అని చూసే ఆ లెక్క వంటకు పనికొస్తుంది గానీ, కొనేవారెవరో తేల్చడానికి పనికిరాదు. అందుకని రెండు వారాల పాటు గల్లాపెట్టె పక్కన ఒక నోటుపుస్తకం పెట్టించి, కొన్న ప్రతి మనిషికీ ఒక గీత గీయించాను. పేర్లు అవసరం లేదు. హాస్టల్ కుర్రాడా, చుట్టుపక్కల షాపుల్లో పనిచేసేవారా, ఇంట్లో అన్నీ వండుకుని ఒక్క కూర మాత్రం కొనే గృహిణా, పెద్దవాళ్లా, యాప్ ఆర్డరా అన్నది ఒక గడిలో, ఎంత కొన్నారో పక్క గడిలో రాశారు. మళ్లీ వచ్చిన మనిషైతే పాత గీత పక్కనే ఇంకో గీత. ఆరేళ్లుగా చూస్తున్న ముఖాలే కాబట్టి గుర్తుపట్టడం ఆమెకు కష్టం కాలేదు.

ఆ పుస్తకంలో రెండు సంగతులు తేలాయి. మొదటిది యాప్ బిర్యానీ. మెనూలో దాని ధర 180 రూపాయలు. దుకాణం భరించే డిస్కౌంట్ 30, కమిషన్, ఇతర కోతలు కలిపి 40 పోతే చేతికొచ్చేది 110. సరుకు, డబ్బా కలిపి 87. మిగిలిన 23 రూపాయల్లోనే గ్యాసు, జీతం, అద్దె చూసుకోవాలి. అమ్మకంలో దాదాపు మూడో వంతు ఇలాంటి ఆర్డర్లే కాబట్టి వారు దాన్ని వ్యాపారానికి వెన్నెముక అనుకుంటున్నారు. రెండోది అంతకంటే ముఖ్యమైనది. కౌంటర్ దగ్గర రెండు వారాల్లో కొన్న సుమారు 310 మందిలో పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇళ్లు 23. సంఖ్యలో పదో వంతు కూడా లేని ఆ ఇళ్ల నుంచి కౌంటర్ అమ్మకంలో నాలుగో వంతు వచ్చింది. వారు రెండు వారాల్లో సగటున పదకొండు సార్లు వచ్చారు. హాస్టల్ కుర్రాళ్లు ఎక్కువ మందే ఉన్నా పక్క వీధిలో ఐదు రూపాయలు తక్కువైతే అటు వెళ్లిపోయేవారు.

ఈ లెక్క కంటే కూడా ఆమె మాట్లాడుతూ మామూలుగా చెప్పిన ఒక మాట నన్ను ఆపింది. కారం వేయకముందే కొంత కూర వేరే గిన్నెలోకి తీసిపెట్టమని ఆరిళ్ల వారు అడుగుతున్నారని, ఆమె రోజూ అలాగే తీసిపెడుతున్నారని తెలిసింది. ‘పెద్దావిడ అడిగితే కాదనలేం కదా సార్’ అన్నారామె. మన సరుకు తమకు పూర్తిగా సరిపోకపోయినా కొనడం మానకుండా, ఇలా మార్చి ఇవ్వమని అడిగేవారు ఎవరైనా ఉన్నారా అని నేను ప్రతి దుకాణంలోనూ వెతుకుతాను. వారికి దగ్గరలో ఇంతకంటే మంచి దారి లేదని దాని అర్థం. పక్క దుకాణానికి సులువుగా వెళ్లగలిగిన వాడు వెళ్లిపోతాడే గానీ, బతిమాలడు.

ఆ తరువాత మేమిద్దరం పదకొండు ఇళ్లకు వెళ్లి మాట్లాడాం. ఇలాంటి సంభాషణల్లో ‘మేము ఇంటికే క్యారియర్ పంపితే తీసుకుంటారా?’ అని అడగకూడదని ముందే ఒప్పించాను. మన ఊళ్లలో ఇంటికొచ్చిన మనిషి ముఖం మీద వద్దని ఎవరూ అనరు, కాబట్టి ఆ జవాబుకు విలువ లేదు. జరిగిపోయిన విషయాలే అడిగాం. నిన్న మధ్యాహ్నం ఏం తిన్నారు, ఎవరు వండారు, మా దుకాణం మూసిన రోజు ఏం చేశారు, వంటమనిషి ఉండేదా, ఎప్పుడు మానేసింది, ఎందుకు. ఒక ఇంట్లో పెద్దాయన రాత్రి కోసం దాచిన సగం పప్పు ప్యాకెట్ చూపించారు. 200 గ్రాముల ప్యాకెట్ ఇద్దరూ ఒక పూటలో పూర్తి చేయలేరు. ఇంకో ఇంట్లో ఆవిడ వేళ్ల కీళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. మేము బిగించి చుట్టే రబ్బరు బ్యాండు ఆమె విప్పలేరు. కత్తెరతో కోస్తే పులుసు సగం గట్టు మీద పోతుంది. ఆరేళ్లుగా అమ్ముతున్న ప్యాకెట్ కొనేవారి ఇంట్లో ఎలా విప్పుతారో యజమానురాలు ఆ రోజే మొదటిసారి చూశారు.

మాట్లాడిన పదకొండు ఇళ్లలో తొమ్మిదింటికి ఒక సామాన్య లక్షణం కనిపించింది. వారు వయసు పైబడినందువల్ల మా దగ్గరికి రాలేదు. ఏదో ఒక సంఘటన జరిగి వచ్చారు. మోకాలి ఆపరేషన్ అయింది, ఏళ్లుగా ఉన్న వంటమనిషి ఊరెళ్లిపోయింది, ఇంటావిడ కాలం చేశారు, లేదా స్టవ్ ఆపడం మరిచిపోయిన ఒక రోజు తరువాత పిల్లలు ఇక వండవద్దన్నారు. నాలుగు ఇళ్లలో డబ్బు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్న కొడుకో కూతురో పంపుతున్నారు. అంటే తినేవారు ఒకరు, డబ్బు ఇచ్చేవారు ఒకరు, వారిద్దరి ఆందోళనలు వేరు. తినేవారికి కారం, ఉప్పు, మెత్తదనం ముఖ్యం. ఇచ్చేవారికి అమ్మానాన్న ఈ పూట తిన్నారా లేదా అన్నది ముఖ్యం.

ఇలాంటి ఇళ్లకు రోజూ కూరల క్యారియర్ పంపాలన్న ఆలోచనతో, కస్టమర్ ఎవరో ఒక వాక్యంలో రాయడం మొదలుపెట్టాం. ఆమె మొదట రాసింది ‘సీనియర్ సిటిజన్లు’ అని. అది చూడడానికి ఇరుకుగా ఉన్నా నిజానికి చాలా వెడల్పు. అదే వీధిలో డెబ్బై ఏళ్లు దాటి పదిమందికి వండి పెట్టేవారున్నారు. వారికి మన అవసరం లేదు, పైగా అలా అడిగితే నొచ్చుకుంటారు. రెండో సారి ‘ఇంట్లో ఇద్దరే ఉండే పెద్దవాళ్లు’ అని రాశారు. అది కొంత నయమే గానీ, వారిని ఎక్కడ వెతకాలో, ఏం వండాలో, ఎంత దూరం వెళ్లాలో ఆ మాట చెప్పడం లేదు. మూడు వారాల తరువాత నిలిచిన వాక్యం ఇది: ‘మా వంటింటికి రెండు కిలోమీటర్ల లోపు, పిల్లలు వేరే ఊళ్లో ఉండి, అన్నం ఇంట్లోనే వండుకుంటూ, కూరలు చేసుకునే ఓపిక ఈ మధ్యనే తగ్గిన, శాకాహారం తినే ఇద్దరు లేదా ఒక్కరు ఉండే ఇల్లు.’

ఈ వాక్యంలోని ప్రతి మాటకూ ఒక పని ఉంది. రెండు కిలోమీటర్లు అన్నది స్కూటర్ మీద ఒక్క మనిషి పదకొండు నుంచి పన్నెండున్నర లోపు సత్యనారాయణపురం, ముత్యాలంపాడు చుట్టి రాగల దూరం. అది దాటితే రెండో మనిషి, రెండో జీతం కావాలి. అన్నం ఇంట్లోనే అంటే వేడి అన్నం మోసే బాధ్యత మనది కాదు. కుక్కర్‌లో గుప్పెడు బియ్యం పెట్టుకోవడం చాలామంది చివరిదాకా వదులుకోరు, అది వారి ఇంటి పొయ్యి వెలుగుతోందన్న తృప్తి కూడా. శాకాహారం అంటే ఒకే వంటగది, ఒకే సరుకు జాబితా. ‘ఈ మధ్యనే తగ్గిన’ అన్న మాట అన్నింటికన్నా ఎక్కువ ఉపయోగపడింది, ఎందుకంటే వారిని ఎక్కడ కలవాలో అది చెప్పింది. ఫిజియోథెరపీ క్లినిక్‌లో, ఎముకల డాక్టర్ దగ్గర మందుల షాపులో, వంటమనిషి ఎవరైనా ఉన్నారా అని వాకబు చేసే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర. ఒక మాట తీసేస్తే దుకాణంలో చేసే పని ఏదీ మారదనుకుంటే ఆ మాట ఆ వాక్యంలో ఉండనక్కర్లేదు. మొదట ‘విద్యావంతులు’, ‘మధ్యతరగతి’ అనే మాటలు కూడా ఉన్నాయి. ఈ పరీక్షలోనే వాటిని తీసేశాం.

ఇంత ఇరుకు చేస్తే బతకగలమా అని ఆమె భర్త అడిగారు. అది న్యాయమైన ప్రశ్న, దానికి ధైర్యం చెప్పి సరిపెట్టకూడదు, లెక్క చూపాలి. అద్దె, ఇద్దరు సహాయకుల జీతాలు, గ్యాసు, డెలివరీ మనిషి, చిల్లర ఖర్చులు కలిపి నెలకు 65,000. ఇంటికి కావలసింది 40,000. మొత్తం 1,05,000. పప్పు, ఒక కూర లేదా వేపుడు, పులుసు లేదా చారు, ఒక రోటి పచ్చడి ఇద్దరికి సరిపడా రోజుకు 140 రూపాయలని ధర పెట్టాం. సరుకు, క్యారియర్ కడగడం పోను 72 మిగులుతుంది. ఆదివారాలు సెలవు కాబట్టి నెలకు 26 రోజులు, ఒక ఇంటి నుంచి 1,872. అంటే ఆ పని ఒక్కటే చేస్తే 57 ఇళ్లు కావాలి.

అన్ని ఇళ్లు అక్కడ ఉన్నాయా? దానికి పెద్ద సర్వే అక్కర్లేదు. ఆమె భర్త నాలుగు రోజులు సాయంత్రాలు ఇరవై రెండు అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్‌లతో మాట్లాడారు. మొత్తం 410 ఫ్లాట్లలో పెద్దవాళ్లు మాత్రమే ఉన్నవి 61 అని తేలింది. ఆ రెండు కిలోమీటర్లలో ఇలాంటి అపార్ట్‌మెంట్లు ఇంకా ఎన్ని ఉన్నాయో వీధి వీధి చూసి లెక్కేస్తే, అలాంటి ఇళ్లు సుమారు 240 ఉండవచ్చనిపించింది. వాటిలో నాలుగింట ఒకటి చేరితే 60. సరిపోతుంది గానీ, బొటాబొటిగా. అందరూ చేరతారని లెక్కలు వేసుకుని మునిగినవారిని చూశాను కాబట్టి ఇది మొత్తం వ్యాపారాన్ని మోయలేదని అక్కడే చెప్పాను. కౌంటర్ మూయకూడదని నిర్ణయించాం.

అయితే కౌంటర్‌లో ఏం అమ్మాలి? ఇక్కడ చాలామంది తడబడతారు. టార్గెట్ కస్టమర్‌ను ఎంచుకున్నామంటే మిగతావారికి అమ్మకూడదని అనుకుంటారు. మేము చేసింది వేరు. వండడం మాత్రం ఆ ఇళ్ల కోసమే, ఆ గిన్నెల్లోంచే పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఎవరొచ్చినా అమ్మడం. కారం తక్కువని హాస్టల్ కుర్రాళ్లు కొందరు మానేశారు. గృహిణులు, బ్యాంకు ఉద్యోగులు కొందరు అదే కారణంతో కొత్తగా వచ్చారు. ఎవరి అవసరాన్ని బట్టి ఉప్పు, కారం, పరిమాణం, వేళ, ధర నిర్ణయమవుతాయో వారే టార్గెట్ కస్టమర్. దుకాణం తలుపు మాత్రం అందరికీ తెరిచే ఉంటుంది.

వదిలేయవలసినవాటిని ఒకేసారి వదల్లేదు. మొదట యాప్ బిర్యానీ, ఎందుకంటే అమ్మకం పెద్దదిగా కనిపించినా దానివల్ల మిగిలేది తక్కువ. రెండో నెలలో సాయంత్రం చపాతీలు. ఫంక్షన్ భోజనాలకు ముందుగా అడ్వాన్సు వస్తుంది కాబట్టి, క్యారియర్ ఇళ్లు ముప్ఫై దాటేదాకా వాటిని ఉంచాం. రెండో నెల అమ్మకం రోజుకు 6,000 దాకా పడిపోయింది. ఇలా పడుతుందని ముందే కాగితం మీద రాసి, మూడు నెలల అద్దె పక్కన పెట్టించి ఉండకపోతే, ఆ నెలలోనే వారు మళ్లీ బిర్యానీ వెలిగించేవారు.

నేను చేయించిన ఒక తప్పు కూడా చెప్పాలి. మొదటి కరపత్రం మీద ‘వృద్ధుల కోసం ప్రత్యేక భోజనం’ అని రాయించాను. దినపత్రికల్లో పెట్టి రెండు వేలు పంచితే మూడు ఫోన్లు వచ్చాయి. వాటిలో ఒకటి, ‘నన్ను వృద్ధురాలని ఎవరు చెప్పారమ్మాయ్?’ అని అడగడానికి వచ్చింది. మనం లోపల రాసుకునే వాక్యం కస్టమర్‌కు చదివి వినిపించడానికి కాదు. రెండో కరపత్రంలో వయసు మాటే లేదు. ‘ఇద్దరికి సరిపడా కూరలు, పన్నెండున్నరకల్లా మీ ఇంటికి. ఉప్పు, కారం మీరు చెప్పినంత’ అని మాత్రమే ఉంది. దాన్ని వాచ్‌మన్ల దగ్గర, రెండు ఫిజియోథెరపీ క్లినిక్‌లలో, ఒక మందుల షాపులో మాత్రమే ఉంచాం. నూట యాభై కాగితాలతో పద్నాలుగు ఇళ్లు వచ్చాయి.

ధర విషయంలో ఆమె భయపడ్డారు. కౌంటర్‌లో 75 రూపాయలకు కొనేవారు 140 ఇస్తారా అని. కానీ ఆ ఇళ్లవారు దాన్ని కూర ప్యాకెట్‌తో పోల్చలేదు. వంటమనిషి జీతంతో, ఆమె రాని రోజులతో, ఆమె కోసం కొనిపెట్టే కూరగాయలతో పోల్చారు. అవసరం కచ్చితంగా తెలిస్తే కొనేవారు మనల్ని దేనితో పోలుస్తారో తెలుస్తుంది, ధర అక్కడి నుంచే వస్తుంది. రబ్బరు బ్యాండు ప్యాకెట్ల స్థానంలో పట్టు సులువుగా ఉండే స్టీలు క్యారియర్లు ఇంటికి రెండు చొప్పున పెట్టాం. ఆ ఖర్చు వారి బంగారం కుదువపెట్టే దాకా వచ్చింది. క్యారియర్‌కు తిరిగి ఇచ్చే డిపాజిట్ తీసుకుందామన్న ఆలోచన ఆమెదే, అది పెద్ద భారాన్ని తప్పించింది.

డబ్బు పంపే పిల్లల కోసం చేసింది చాలా చిన్న పని. ముందురోజు క్యారియర్ కడగకుండా అలాగే ఉన్నా, తలుపు తీయడం ఆలస్యమైనా, కూరలు మిగిలి ఉన్నా డెలివరీ చేసే అబ్బాయి ఆమెకు చెబుతాడు. పెద్దవాళ్లు ముందుగా ఒప్పుకున్న ఇళ్ల విషయంలో మాత్రమే ఆమె వారి పిల్లలకు వాట్సాప్‌లో ఒక వాక్యం పంపుతారు. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండు అయితే వేసవిలో కాలిఫోర్నియాలో ముందురోజు రాత్రి పదకొండున్నర. పడుకునే ముందు ‘అమ్మగారు ఈ రోజు క్యారియర్ తీసుకున్నారు’ అన్న మాట చదివిన వారు తరువాతి నెల డబ్బు అడగకముందే పంపారు. యాప్‌లో బిర్యానీ అమ్మినన్నాళ్లూ ఈ అవసరం ఒకటుందని ఈ భార్యాభర్తలకు తెలిసే మార్గమే లేదు.

ఎక్కడ ఆగాలో కూడా రాసుకున్నాం. ‘షుగర్ వారికి ప్రత్యేకం’ అని వేయమని చాలామంది సూచించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వయోజనులకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. మేము గిన్నెలో ఉప్పు తగ్గించి వండుతాం, అడిగితే ఎంత వేశామో చెబుతాం. అంతకు మించి ఏ జబ్బు పేరూ కరపత్రం మీదకు రాలేదు. ఇన్సులిన్ తీసుకునే మనిషి ఎప్పుడు, ఎంత తినాలో చెప్పవలసింది డాక్టరే.

అసలు పరీక్ష ఏడో నెలలో వచ్చింది. దగ్గరలోని ఒక హాస్టల్ వారు రోజుకు ఎనభై భోజనాలు కావాలన్నారు. అప్పటికి క్యారియర్ ఇళ్లు 34. ఆమె భర్త ఒప్పుకుందామన్నారు, ఆమె ఆలోచిద్దామన్నారు. కాగితం తీసి చూశాం. హాస్టల్‌కు భోజనం పన్నెండుకల్లా కావాలి, అంటే పదకొండింటికి మన అబ్బాయి బయలుదేరే వేళకే వారి అన్నం దిగాలి. వారికి కారం ఎక్కువ కావాలి, కాబట్టి గిన్నెలు వేరు. అన్నం కూడా మనమే వండాలి. నెలాఖరున డబ్బు ఆలస్యమైతే అడగడానికి ఒకే గుమ్మం ఉంటుంది. అమ్మకం రెట్టింపు అవుతుందన్నది నిజమే, కానీ ఆ వంటగది మళ్లీ ఇద్దరు వేర్వేరు మనుషుల కోసం వండడం మొదలుపెడుతుంది. రెండు రోజులు ఇంట్లో మాట్లాడుకుని వారే కాదన్నారు. ఆమె భర్తకు ఆ నిర్ణయం మీద ఇప్పటికీ కొంత సందేహం ఉంది, నేను దాన్ని తప్పుపట్టను.

ఏడాది ముగిసేసరికి 49 ఇళ్లు చేరాయి. కౌంటర్ అమ్మకం రోజుకు 1,900. మొత్తం అమ్మకం 8,760, అంటే మొదటి రోజుల కంటే తక్కువే. ఖర్చులు పోను ఇంటికి మిగిలింది మాత్రం నెలకు 46,000 పైన. రాత్రి పదికి బదులు మధ్యాహ్నం మూడింటికి దుకాణం మూస్తున్నారు, ఆదివారం ఇంట్లో ఉంటున్నారు.

ఈ కస్టమర్లతో వచ్చే చిక్కు ఒకటి మేము మొదట ఊహించలేదు. వీరు కోపం వచ్చి మానరు, కాలం చేసి మానతారు, లేదా పిల్లల దగ్గరికి వెళ్లి మానతారు. నెలకు రెండు మూడు ఇళ్లు ఇలా తగ్గుతాయి, కాబట్టి అన్ని కొత్త ఇళ్లు రాకపోతే ఏడాదిలో సగం ఖాళీ అవుతాయి. ఏప్రిల్, మే నెలల్లో అమెరికా వెళ్లి ఆరు నెలలకు గానీ తిరిగిరాని దంపతులు ఎక్కువ. మొదటి వేసవిలో ఒకే నెలలో పదకొండు ఇళ్లు ఆగిపోయాయి. ఇప్పుడు జనవరిలోనే ప్రతి ఇంటినీ ప్రయాణం ఉందా అని అడిగి, తేదీలు ఫ్రిజ్ తలుపు మీద రాసుకుంటున్నారు. ఆ ఖాళీని బట్టి ఫిబ్రవరిలో క్లినిక్‌లకు, వాచ్‌మన్‌లకు మళ్లీ కాగితాలు ఇస్తున్నారు. రెండు కిలోమీటర్లు దాటి గాంధీనగర్ అవతలి నుంచి అడుగుతున్న తొమ్మిది ఇళ్ల పేర్లు వేరే పుస్తకంలో ఉన్నాయి. అవి ఇరవై అయితే రెండో స్కూటర్ జీతం గిట్టుతుందని లెక్క తేలింది, అందుకని ప్రస్తుతానికి వారికి రాలేమని చెబుతున్నారు.